గ్రామ జనాభాను గడుల్లోకి పంచేటప్పుడు: ఇళ్లను లెక్కించాలా, కప్పుల వైశాల్యం కొలవాలా?

జనగణన ఇచ్చేది ఊరికి ఒక్క అంకె. ఆ ఊళ్లో 1,200 మంది ఉన్నారని చెబుతుంది గానీ, వాళ్లు ఊరి హద్దుల్లో ఎక్కడ ఉన్నారో చెప్పదు. వాగు పొంగితే ఎంతమంది ఇళ్లలోకి నీళ్లు వస్తాయి, ఆరోగ్య కేంద్రానికి కిలోమీటరు లోపల ఎంతమంది ఉన్నారు అని అడిగితే ఆ అంకెతో పని జరగదు. ఊరి విస్తీర్ణం 600 హెక్టార్లు అనుకుందాం. 100 మీటర్ల గ్రిడ్‌లో ఒక్కో గడి ఒక హెక్టారు కాబట్టి జనాన్ని సమానంగా పరిస్తే గడికి ఇద్దరు వస్తారు. పొలానికీ ఇద్దరే, చెరువుకీ ఇద్దరే, ఊరి నడిబొడ్డుకీ ఇద్దరే. లెక్క సరిపోతుంది, పటం మాత్రం అబద్ధం చెబుతుంది.

మనుషులు ఎక్కడ ఉండే వీలుందో తెలిపే మరో సమాచారాన్ని ఆధారంగా తీసుకుని జనాభాను పంచే పద్ధతిని డాసిమెట్రిక్ పటరచన అంటారు. పద్ధతి కొత్తదేమీ కాదు. ఆ పేరును 1911లో రష్యన్ భూగోళవేత్త సెమ్యోనోవ్ త్యాన్‌షాన్‌స్కీ వాడాడు. 1936లో జాన్ రైట్ అమెరికాలోని కేప్ కాడ్ ప్రాంతానికి ఇలాంటి పటమే గీసి చూపించాడు. అప్పట్లో చేతికి అందింది అడవి, చిత్తడి నేల, జనావాసం అన్న స్థూల విభజనే. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల నుంచి ఒక్కో కట్టడపు కప్పు అంచునే గీసిన బహుభుజులు దొరుకుతున్నాయి. వాటినే ఫుట్‌ప్రింట్లు అంటున్నాం.

ఫుట్‌ప్రింట్లు చేతిలోకి రాగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ప్రతి కట్టడానికీ ఒకే వాటా ఇవ్వాలా, లేక కప్పు వైశాల్యాన్ని బట్టి ఇవ్వాలా? చాలామంది ఆలోచించకుండా రెండోదాన్ని ఎంచుకుంటారు. పెద్ద ఇంట్లో ఎక్కువమంది ఉంటారు కదా అన్నది వాళ్ల లెక్క. పల్లెల విషయంలో ఈ లెక్క ఎంత తరచుగా తప్పుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

## ముందుగా, అసలు మీరే చేయాలా?

తయారుగా ఉన్న గ్రిడ్లు చాలానే ఉన్నాయి. వరల్డ్‌పాప్ వాళ్లది సుమారు 100 మీటర్లది, ఐరోపా కమిషన్ సంయుక్త పరిశోధన కేంద్రం ఇచ్చే జీహెచ్ఎస్-పాప్ ఉంది, మెటా సంస్థ కొలంబియా విశ్వవిద్యాలయంతో కలిసి తెచ్చిన సుమారు 30 మీటర్ల గ్రిడ్ ఉంది. జిల్లా స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో మొత్తాలు కావాలంటే వాటిలో ఒకటి తీసుకోండి, ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. వరల్డ్‌పాప్ తీసుకుంటే మాత్రం కట్టడాలున్న గడులకే జనాన్ని పరిమితం చేసిన రకం తీసుకోండి. పరిమితం చేయని రకంలో పొలాల్లో కూడా చిల్లర చిల్లరగా మనుషులు కనిపిస్తారు.

మీ దగ్గర గ్రామం వారీ జనాభా, గ్రామ సరిహద్దులు రెండూ ఉంటే మాత్రం సొంతంగా చేయడమే మేలు. తయారీ గ్రిడ్లకు అంత చిన్న విభాగాల గణన దొరికి ఉండకపోవచ్చు. తాలూకా మొత్తాన్ని తీసుకుని ఊళ్లకు పంచితే వచ్చే తప్పు, ఊరి మొత్తాన్ని తీసుకుని వీధులకు పంచితే వచ్చే తప్పు కంటే చాలా పెద్దది. పంచే విభాగం ఎంత చిన్నదైతే తప్పు అంత చిన్న పరిధిలోనే ఉండిపోతుంది.

## ఒక ఊరు, నాలుగు గడులు

లెక్క కంటికి కనబడాలని ఒక ఊరిని ఊహించుకుందాం. జనాభా 1,200, కుటుంబాలు 290. ఉన్న 600 గడుల్లో కట్టడాలున్నవి నాలుగే. నడిబొడ్డున గోడకు గోడ ఆనుకున్న పాత ఇళ్లు 150, ఒక్కోటీ సగటున 40 చదరపు మీటర్లు. కొత్త కాలనీలో 60 ఇళ్లు, ఒక్కోటీ 90 చదరపు మీటర్లు. వాగు ఒడ్డున 80 గుడిసెలు, ఒక్కోటీ 25. రోడ్డు పక్కన పది కట్టడాలు: 1,800 చదరపు మీటర్ల గోదాము ఒకటి, 1,200 చొప్పున రెండు కోళ్ల షెడ్లు, 600 చదరపు మీటర్ల బడి, 100 చొప్పున ఆరు ఇళ్లు.

ఏమీ వడకట్టకుండా రెండు రకాలుగానూ పంచితే ఇలా వస్తుంది.

| గడి | కట్టడాలు | మొత్తం వైశాల్యం (చ.మీ.) | సంఖ్య ప్రకారం జనం | వైశాల్యం ప్రకారం జనం |
|---|---|---|---|---|
| నడిబొడ్డు | 150 | 6,000 | 600 | 383 |
| కొత్త కాలనీ | 60 | 5,400 | 240 | 345 |
| వాగు ఒడ్డు | 80 | 2,000 | 320 | 128 |
| రోడ్డు పక్క | 10 | 5,400 | 40 | 345 |

చివరి వరుస చూడండి. ఆరు ఇళ్లున్న గడిలో 345 మంది! కోళ్లు, బస్తాలు, ఖాళీ తరగతి గదులు అందరూ జనాభాలో చేరిపోయారు. ఒకసారి నేను చేసిన పటంలో ప్రాంతమంతటికీ అత్యధిక జనసాంద్రత ఉన్న గడి ఊరికి దూరంగా పొలాల మధ్య వెలిగింది. దగ్గరికి వెళ్లి చూస్తే పొడవాటి రేకుల షెడ్లు వరుసగా ఉన్నాయి. అప్పటికే ఆ పటం మరొకరి చేతికి వెళ్లిపోయింది.

అయితే అంతకంటే ప్రమాదకరమైన తప్పు మూడో వరుసలో ఉంది, అది ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు. వాగు ఒడ్డున 80 గుడిసెల్లో 128 మంది అంటే గుడిసెకు ఒకటిన్నర మనిషి. పేద కుటుంబం చిన్న కప్పు కింద ఉంటుంది, అంతమాత్రాన చిన్న కుటుంబం అయిపోదు. వరద ముంపు లెక్క కోసమే ఈ గ్రిడ్ చేసి ఉంటే, ముందుగా మునిగే చోటే జనాన్ని సగానికి పైగా కోసేశామన్నమాట.

ఇప్పుడు గోదామును, షెడ్లను, బడిని తీసేసి మళ్లీ పంచుదాం. సంఖ్య ప్రకారం నడిబొడ్డుకు 608, కాలనీకి 243, వాగు ఒడ్డుకు 324, రోడ్డు పక్కకు 24 వస్తాయి. వైశాల్యం ప్రకారం వరుసగా 514, 463, 171, 51. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. పెద్ద కట్టడాలను వడకడితే సంఖ్య పద్ధతిలో అంకెలు పెద్దగా కదలలేదు, వైశాల్యం పద్ధతిలో తలకిందులయ్యాయి. వడకట్టడంలో పొరపాటు జరిగితే సంఖ్య పద్ధతి ఓర్చుకుంటుంది, వైశాల్యం పద్ధతి ఓర్చుకోదు. కానీ వడకట్టిన తర్వాత కూడా వాగు ఒడ్డు 171 దగ్గరే ఉండిపోయింది. అది వడపోతతో పోయే తప్పు కాదు, ఒక్కో కట్టడానికీ ఎంత వాటా అన్నది తేల్చే భారాన్ని ఎంచుకోవడంలోనే ఉన్న తప్పు.

## సంఖ్య పద్ధతికి ఉన్న బలహీనత

ఇంతవరకూ చదివితే సంఖ్యే నయం అనిపిస్తుంది. కాకపోతే అది ఒక నమ్మకం మీద నిలబడి ఉంది: ఒక బహుభుజి అంటే ఒక ఇల్లు. యంత్రం గీసిన ఫుట్‌ప్రింట్లలో ఈ నమ్మకం రెండు వైపుల నుంచీ తెగుతుంది.

మొదటిది కలిసిపోవడం. గోడలు ఆనుకుని, కప్పులు ఒకే ఎత్తులో, ఒకే రంగులో ఉంటే పై నుంచి చూసే కంటికి అది ఒకే కట్టడం. మన ఊరి నడిబొడ్డులోని 150 ఇళ్లు 70 బహుభుజులుగా వచ్చాయనుకోండి, మొత్తం వైశాల్యం మాత్రం అదే 6,000. ఇప్పుడు సంఖ్య ప్రకారం పంచితే నడిబొడ్డు 608 నుంచి 389కి పడిపోతుంది, వాగు ఒడ్డు 324 నుంచి 444కి ఎగబాకుతుంది. వైశాల్యం ప్రకారం చేసిన లెక్క మాత్రం ఒక్క మనిషి కూడా కదలకుండా అలాగే ఉంటుంది. కప్పును ఎన్ని ముక్కలుగా గీశారన్నది వైశాల్యానికి పట్టదు.

రెండోది విడిపోవడం. వంటపాక, పశువుల కొట్టం, స్నానాల గది, గడ్డి దాచే పాక వేర్వేరు బహుభుజులుగా వస్తాయి. ఒక్క కుటుంబానికి నాలుగు కప్పులు. విడివిడిగా కట్టుకునే అలవాటున్న గూడేలకూ, పొలాల్లో చెదిరి ఉండే ఇళ్లకూ అప్పుడు సంఖ్య పద్ధతి రెండు మూడింతల జనాన్ని కట్టబెడుతుంది.

కాబట్టి ఏ పద్ధతి మంచిదని కాకుండా, మీ ఊళ్లలో ఏ జబ్బు ఉందో చూడాలి. దానికి నేను మొదట చూసేది ఒక్కటే నిష్పత్తి: వడకట్టిన ఫుట్‌ప్రింట్ల సంఖ్యను కుటుంబాల సంఖ్యతో భాగించడం. గణన పట్టికల్లో జనాభా పక్కనే కుటుంబాల సంఖ్య కూడా ఉంటుంది. దాన్ని ఎవరూ వాడుకోరు గానీ ఈ పనికి అంతకంటే విలువైన అంకె లేదు.

మన ఊళ్లో 296ను 290తో భాగిస్తే 1.02. ఒక కప్పు ఒక కుటుంబం అన్న నమ్మకం నిలబడింది, సంఖ్య పద్ధతి నిశ్చింతగా వాడవచ్చు. నడిబొడ్డు కలిసిపోయిన రూపంలో 216ను 290తో భాగిస్తే 0.74. అంటే ఎక్కడో ఇళ్లు అతుక్కున్నాయి. 1.5 దాటితే పాకలూ కొట్టాలూ లెక్కలోకి వచ్చాయని అర్థం. 0.8 నుంచి 1.3 వరకూ ఉంటే నేను సంఖ్యనే నమ్ముతాను. ఈ హద్దులు ఎక్కడా రాసి ఉన్నవి కావు, నా అనుభవం కొద్దీ పెట్టుకున్నవి. మీ ఊళ్ల తీరును బట్టి సవరించుకోండి.

ఈ నిష్పత్తి మోసం చేసే సందర్భం ఒకటుంది. నడిబొడ్డులో ఇళ్లు కలిసిపోయి, శివార్లలో కొట్టాలు విడిపోయి, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేస్తే ఊరి మొత్తానికి 1.0 రావచ్చు. అందుకే గడి వారీగా మధ్యస్థ వైశాల్యం కూడా చూసుకోవాలి. నడిబొడ్డు గడిలో మధ్యస్థం 40 ఉండాల్సింది 86 ఉంటే అక్కడ అతుకులున్నట్టే. ఒకసారి ఉపగ్రహ చిత్రం మీద ఫుట్‌ప్రింట్లు పరిచి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇళ్ల మధ్య సన్నని నీడగీతలు కనిపిస్తూ, వాటిని పట్టించుకోకుండా ఒకే బహుభుజి పరుచుకుని ఉంటుంది.

## మధ్యేమార్గం: ఒకే మర

సంఖ్య, వైశాల్యం రెండూ వేర్వేరు పద్ధతులుగా కనిపిస్తాయి గానీ నిజానికి ఒకే మరకు రెండు కొసలు. భారాన్ని వైశాల్యపు `k` ఘాతంగా రాయండి.

```
w = area ** k
```

`k` సున్నా అయితే ప్రతి కట్టడానికీ భారం 1, అంటే సంఖ్య పద్ధతి. `k` ఒకటైతే వైశాల్యం పద్ధతి. మధ్యలో 0.5 పెడితే వర్గమూలం. అప్పుడు నాలుగింతలు పెద్ద ఇంటికి నాలుగింతలు కాకుండా రెండింతలే జనం వస్తారు.

వడకట్టిన మన ఊరికి వర్గమూలంతో పంచితే నడిబొడ్డుకు 576, కాలనీకి 345, వాగు ఒడ్డుకు 243, రోడ్డు పక్కకు 36 వస్తాయి. నడిబొడ్డు 70 బహుభుజులుగా కలిసిపోయిన రూపంలో 464, 407, 286, 43. కలిసిపోవడం వల్ల సంఖ్య పద్ధతిలో నడిబొడ్డు 219 మందిని కోల్పోతే ఇక్కడ 112 మందినే కోల్పోయింది. ఏ కొసకూ లొంగకుండా రెండు తప్పుల్నీ సగం సగం మోస్తుందన్నమాట. వందల ఊళ్లను ఒకేసారి నడిపించాలి, ఒక్కో ఊరినీ కళ్లతో చూసే తీరిక లేదు అన్నప్పుడు నేను దీన్నే పెడతాను. ఒక్క ఊరి మీదే పని చేస్తుంటే మాత్రం ఇది బద్ధకపు సమాధానం. కూర్చుని నడిబొడ్డును సరిచేసుకుని సంఖ్య పద్ధతి వాడటమే సరైన పని.

సరిచేయడం అంటే అతుక్కున్న బహుభుజిని ఒకే ఇల్లుగా కాకుండా, దాని వైశాల్యాన్ని అక్కడి మామూలు ఇంటి వైశాల్యంతో భాగించి అన్ని ఇళ్లుగా లెక్కించడం. నడిబొడ్డులో 86 చదరపు మీటర్ల ముక్కను 40తో భాగిస్తే సుమారు రెండు ఇళ్లు. అయితే ఈ సూత్రాన్ని ఊరంతటికీ వర్తింపజేస్తే కొత్త కాలనీలో 90 చదరపు మీటర్ల ఒక్కో ఇల్లు కూడా రెండుగా చీలిపోతుంది. అందుకని పాత నడిబొడ్డు చుట్టూ చేత్తో ఒక గీత గీసి, దాని లోపలి వాటికే వర్తింపజేయాలి. చేత్తో గీత గీయడం చిన్నతనమని అనుకోనక్కర్లేదు. పది నిమిషాల ఆ పని, పది రోజులు కూర్చుని యంత్రానికి నేర్పిన నమూనా కంటే తరచుగా మెరుగ్గా ఉంటుంది.

వైశాల్యానికి గరిష్ఠ పరిమితి పెట్టడం మరో మార్గం. 120 చదరపు మీటర్లు దాటిన దేన్నయినా 120గానే చూస్తే వడకట్టని మన ఊళ్లో కూడా రోడ్డు పక్క గడి 345 నుంచి 90 దగ్గరికి దిగుతుంది. పెద్ద కట్టడాల గొడవ చాలావరకు తీరుతుంది, కానీ వాగు ఒడ్డుకు 166 మందే మిగులుతారు. వడపోతకు ప్రత్యామ్నాయంగా పనికొస్తుంది, గుడిసెలకు మాత్రం న్యాయం చేయదు.

## వడపోతలో ఎవరు పోతున్నారు?

పెద్దవాటిని తీసేయడం తేలిక. 400 చదరపు మీటర్లు దాటినవాటిని విడిగా ఒక జాబితా చేసి చిత్రం మీద చూడండి. పల్లెలో అవి కొన్నే ఉంటాయి. పొడవు వెడల్పుకు ఐదారు రెట్లు ఉండి వరుసగా పేర్చినట్టున్నవి షెడ్లు. మధ్యలో పెద్ద ఖాళీ స్థలంతో ఒంటరిగా ఉన్నది బడి అయ్యే అవకాశం ఎక్కువ. జాబితా చూడకుండా గుడ్డిగా కోసేయకండి, ఎందుకంటే కలిసిపోయిన ఇళ్ల వరుస కూడా 400 దాటుతుంది.

చిన్నవాటిని తీసేయడంలోనే అసలు జాగ్రత్త కావాలి. కొట్టాలను వదిలించుకోవడానికి 20 చదరపు మీటర్ల కంటే చిన్నవి తీసేయమని చాలా మంది సలహా ఇస్తారు. మన ఊళ్లో గుడిసెల సగటు 25 అనుకున్నాం. సగటు 25 అంటే 18, 19 ఉన్నవి కొన్ని తప్పకుండా ఉంటాయి, ఆ కత్తెరకు అవన్నీ పోతాయి. ఊరి జనాభా మొత్తం మారదు కాబట్టి ఆ మనుషులు మాయం కారు, కాలనీలోని పక్కా ఇళ్లలోకి చేరిపోతారు. మొత్తం సరిపోవడం వల్ల ఈ తప్పు ఏ పరీక్షలోనూ దొరకదు.

నమ్మకపు స్థాయి పేరుతో జరిగే వడపోతా ఇంతే. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్‌లో ప్రతి బహుభుజికీ `confidence` అనే అంకె ఉంటుంది, 0.65 నుంచి పైవే అందులో చేరుస్తారు. దాన్ని ఇంకా పెంచి 0.75 పెడితే శుభ్రంగా ఉంటుందని అనిపిస్తుంది. కానీ మట్టి రంగు నేల మీద మట్టి రంగు గడ్డికప్పు, చెట్ల నీడలో సగం కనబడే పాక యంత్రానికి ఎప్పుడూ అనుమానమే. స్థాయి పెంచినప్పుడు తగ్గేవి రేకుల షెడ్లు కావు, పూరిళ్లు. గడి వారీగా 0.65 దగ్గర ఎన్ని, 0.75 దగ్గర ఎన్ని అని రెండు నిలువు వరుసలు పెట్టి చూడండి. అన్ని గడుల్లో ఒకే పాలు తగ్గితే ఫరవాలేదు. వాగు ఒడ్డులో సగం, కాలనీలో పదో వంతు తగ్గితే ఆ కత్తెర పక్కన పెట్టండి.

ఎత్తు సంగతి క్లుప్తంగా చెబుతాను. కప్పు వైశాల్యాన్ని అంతస్తులతో గుణించి భారంగా వాడటం పట్టణాల్లో తప్పనిసరి. ఒకటి రెండు అంతస్తులే ఉండే పల్లెలో ఎత్తు సమాచారంలోని తప్పు, ఎత్తుల మధ్య ఉన్న అసలు తేడా కంటే పెద్దదిగా ఉంటుంది. గోదాము ఆరు మీటర్ల ఎత్తు ఉంటుంది కాబట్టి ఉన్న జబ్బు ముదురుతుంది కూడా. పల్లెకు అక్కర్లేదు.

## ఏ ఫుట్‌ప్రింట్లు?

గూగుల్‌వి ఆఫ్రికా, దక్షిణ, ఆగ్నేయ ఆసియా, లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతాలకు దొరుకుతాయి. మైక్రోసాఫ్ట్‌వి మరిన్ని దేశాలకు ఉన్నాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోవి చాలావరకు మనుషులు గీసినవి, బాగా గీసిన చోట ఇళ్లు విడివిడిగా ఉంటాయి, బడికి బడి అని రాసి ఉంటుంది. గీయని చోట ఏమీ ఉండదు. మీ ప్రాంతంలో పది ఊళ్లకు మూడింటి నిష్పత్తీ, అంటే కుటుంబానికి ఎన్ని ఫుట్‌ప్రింట్లన్నది, లెక్కించి ఒకటికి దగ్గరగా, ఊరికీ ఊరికీ మధ్య తక్కువ ఊగిసలాటతో ఉన్నదాన్ని తీసుకోండి. ఒక ఊరికి ఒకటి, పక్క ఊరికి మరొకటి వాడినా పెద్ద నష్టం లేదు, పంపకం ఊరి లోపలే జరుగుతుంది కాబట్టి. ఒకే ఊళ్లో రెండింటినీ కలపడం మాత్రం వద్దు. ఒకే ఇల్లు రెండు మీటర్లు పక్కకు జరిగి రెండుసార్లు పడుతుంది.

చిత్రం తీసిన ఏడాది, గణన జరిగిన ఏడాది దూరంగా ఉంటే కొత్త కాలనీ లాంటివి గణన తర్వాత పుట్టి ఉండవచ్చు. అప్పటి జనాన్ని ఇప్పటి ఇళ్లలో పంచుతున్నామన్న సంగతి పటం కింద రాసి పెట్టడం తప్ప పెద్దగా చేయగలిగింది లేదు.

## గడి పరిమాణం, గీత మీది ఇళ్లు

100 మీటర్ల గడికి కట్టడపు మధ్య బిందువు ఏ గడిలో పడితే ఆ గడికే మొత్తం ఇచ్చేయండి. గీత మీద ఉన్న ఇల్లు పూర్తిగా అటో ఇటో పోతుంది, అయితే ఇల్లు గడితో పోలిస్తే చాలా చిన్నది కాబట్టి ఒకవైపు పోయినవి మరోవైపు వచ్చినవాటితో చెల్లుకుంటాయి. 10 మీటర్ల గడికి దిగితే మాత్రం ఒకే ఇల్లు రెండు మూడు గడులను తాకుతుంది. అప్పుడు ఒక్కో గడిలో పడిన వైశాల్యాన్ని బట్టి ఇంటి జనాన్ని ముక్కలు చేయాల్సిందే. కానీ ఏ ఇంట్లో నిజంగా ఎంతమంది ఉన్నారో తెలియనప్పుడు 10 మీటర్ల గడి ఇచ్చేది వివరం కాదు, వివరంలా కనబడేది. ఒక ఇంట్లో ఇద్దరు, పక్కింట్లో ఏడుగురు ఉండవచ్చు. 60, 80 ఇళ్లు కలిస్తేనే సగటు నిలబడుతుంది. పల్లె పనికి 100 మీటర్లు చాలు.

లెక్క మొత్తం మీటర్లలో ఉండే ప్రక్షేపంలో, మీ ప్రాంతపు యూటీఎం మండలంలో చేయండి. డిగ్రీల్లో ఉన్న పొర మీద `area` అడిగితే 40 చదరపు మీటర్ల ఇల్లు దశాంశ బిందువు తర్వాత ఎనిమిది సున్నాలతో వస్తుంది. తమాషా ఏమిటంటే, ఒకే ఊళ్లో పంపకానికి నిష్పత్తులే కావాలి కాబట్టి జవాబు దాదాపు సరిగ్గానే వస్తుంది, కానీ 400 చదరపు మీటర్ల వడపోత ఏమీ వడకట్టదు. తప్పు జరిగినట్టు కూడా తెలియదు.

మధ్య బిందువులు `pts`, అందులో భారం `w`, ఊళ్లు `villages`, అందులో ఊరి గుర్తు `vid`, జనాభా `pop` అనుకుంటే పని ఇంతే:

```python
import geopandas as gpd

b = gpd.sjoin(pts, villages[["vid", "pop", "geometry"]],
              predicate="within")
b["p"] = b["pop"] * b["w"] / b.groupby("vid")["w"].transform("sum")
b["col"] = (b.geometry.x // 100).astype(int)
b["row"] = (b.geometry.y // 100).astype(int)
out = b.groupby(["row", "col"])["p"].sum()
print(villages["pop"].sum() - out.sum())
```

జనాభాను ముందు ఊరి లోపల ఇళ్లకు పంచి, ఆ తర్వాతే గడుల్లో కూడుతున్నాం. రెండు ఊళ్లు ఒకే గడిని పంచుకున్నా అందుకే గొడవ రాదు. గడిని కూడా బహుభుజులతో కలపకుండా నిరూపకాలను 100తో భాగించి కనిపెట్టడం వల్ల గీత మీద పడిన బిందువు జారిపోయే అవకాశం లేదు.

చివరి వరుస అచ్చువేసే అంకె సున్నా కావాలి. వేలల్లో వస్తే కొన్ని ఊళ్లలో ఒక్క ఫుట్‌ప్రింటూ పడలేదని అర్థం. ఆ ఊరి జనం మొత్తం నిశ్శబ్దంగా రాలిపోయారు. చాలాసార్లు కారణం ఫుట్‌ప్రింట్లు లేకపోవడం కాదు, గ్రామ సరిహద్దు రెండు మూడు వందల మీటర్లు పక్కకు జరిగి ఉండటం. పాత కాగితపు పటాల నుంచి గీసిన సరిహద్దుల్లో ఇది మామూలే. సరిహద్దు కొంచెమే జరిగితే ఇంకా చిక్కు: ఊరి సగం ఇళ్లు పొరుగు ఊరి ఖాతాలో పడతాయి, తేడా సున్నాగానే వస్తుంది. దీన్ని మళ్లీ అదే నిష్పత్తి పట్టిస్తుంది. ఒక ఊరికి 0.3, ఆనుకున్న ఊరికి 2.4 వచ్చిందంటే భారం గురించి ఆలోచించడం ఆపి ముందు సరిహద్దు సరిచేయండి.

ఫలితాన్ని పూర్ణాంకాలుగా మార్చకండి. పైన పట్టికలో వైశాల్యం ప్రకారం జనం అన్న నిలువు వరుసను కూడి చూడండి, 1,201 వస్తుంది. నాలుగు గడులకే ఒక మనిషి పెరిగాడు. వేల గడుల్లో ఇది ఎటు పోగవుతుందో చెప్పలేం. దశాంశాలు అలాగే ఉంచి, చదివేవాళ్లకు చూపేటప్పుడు మాత్రం గుండ్రం చేయండి.

ఇవన్నీ అయ్యాక, వీలుంటే ఒక గడికి నడిచి వెళ్లండి. నడిబొడ్డుకు కాదు, అక్కడ మన మూడు భారాలూ 514, 576, 608 అంటూ దగ్గర దగ్గరగానే చెబుతున్నాయి. వాగు ఒడ్డుకు వెళ్లాలి. అక్కడ వైశాల్యం 171 అంటోంది, వర్గమూలం 243 అంటోంది, సంఖ్య 324 అంటోంది. 80 గుమ్మాల ముందు ఇంట్లో ఎంతమంది అని అడగడం ఇద్దరికి ఒక పూట పని. వచ్చిన అంకె 310 అయితే `k` సున్నాకు దగ్గరగా ఉండాలి, 240 అయితే 0.5 దగ్గర. అలాంటి గడులు నాలుగైదు ఊళ్లలో చూసి వస్తే ఆ ప్రాంతానికంతటికీ మర ఎక్కడ తిప్పి ఉంచాలో తేలుతుంది.